ఉక్కు 4, సబ్బు 54: పీఈ అంకె చెప్పేదెంత, దాచేదెంత

2022 మార్చి 31న మార్కెట్ ముగిసేసరికి టాటా స్టీల్ షేరు 1,300 రూపాయల దగ్గర ఉంది. ఆ ఆర్థిక సంవత్సరంలో కంపెనీ ఒక్కో షేరుకు సంపాదించింది దాదాపు 332 రూపాయలు. అదే రోజు హిందుస్థాన్ యూనిలీవర్ షేరు 2,050 రూపాయల చేరువలో ఉంది. దాని సంపాదన షేరుకు 38 రూపాయల లోపే. షేరు ధరను షేరు సంపాదనతో భాగిస్తే వచ్చేదే పీఈ నిష్పత్తి. ఆ లెక్కన ఉక్కు కంపెనీ పీఈ 4, సబ్బులూ షాంపూలూ అమ్మే కంపెనీ పీఈ 54.

పీఈ గురించి అందరూ మొదట నేర్చుకునే పాఠం ఒకటే. కంపెనీ సంపాదించే ఒక్కో రూపాయికి మనం ఎన్ని రూపాయలు పెడుతున్నామో అది చెబుతుంది, కాబట్టి అంకె తక్కువైతే షేరు చౌక, ఎక్కువైతే ఖరీదు. ఆ పాఠం ప్రకారం ఉక్కు షేరు కారుచౌక. రూపాయి సంపాదన నాలుగు రూపాయలకే దొరుకుతుంటే, యాభై నాలుగు పెట్టి సబ్బుల కంపెనీని కొనేవాళ్లు లెక్కలు రానివాళ్లై ఉండాలి. యాప్ తెరిచి ‘పీఈ 10 కన్నా తక్కువ’ అని జల్లెడ పట్టినవారికి ఆ రోజుల్లో టాటా స్టీల్ జాబితాలో పైనే కనిపించి ఉంటుంది.

ఏడాది గడిచింది. ఈలోగా టాటా స్టీల్ తన ఒక్కో షేరును పది షేర్లుగా విడగొట్టింది కనుక పాత 1,300ను 130గా చదువుకోవాలి. 2023 మార్చి చివరికి ఆ షేరు 105 రూపాయల దగ్గరకు దిగింది. హిందుస్థాన్ యూనిలీవర్ 2,560కి చేరింది. ‘చౌక’ షేరు దాదాపు 20 శాతం పోగొడితే, ‘ఖరీదు’ షేరు 25 శాతం పెరిగింది.

అమ్మకం అంతే, లాభం ఐదో వంతు

టాటా స్టీల్ ఏకీకృత లాభం, అంటే అనుబంధ సంస్థల లెక్కలు కూడా కలిపిన లాభం, 2021-22లో 41,749 కోట్ల రూపాయలు. మరుసటి ఏడాది అది 8,075 కోట్లకు పడిపోయింది. అమ్మకాలు కుప్పకూలాయా అంటే అదీ లేదు. మొదటి ఏడాది ఆదాయం 2.44 లక్షల కోట్లు, రెండో ఏడాది 2.43 లక్షల కోట్లు. గల్లా పెట్టెలోకి వచ్చిన డబ్బు దాదాపు మారలేదు, మిగిలింది మాత్రం ఐదో వంతు.

ఉక్కు వ్యాపారం నడిచే తీరే అంత. ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. టన్ను ఉక్కు తయారీకి ఖనిజం, కోకింగ్ బొగ్గు, జీతాలు, వడ్డీ, తరుగుదల అన్నీ కలిపి 50,000 రూపాయలు అవుతుందనుకోండి. మార్కెట్లో టన్ను 70,000 పలికిన ఏడాది 20,000 మిగులుతుంది. ఆ లాభానికి పీఈ 4 అంటే, టన్నుకు లెక్కేస్తే వాటాదారులు 80,000 చెల్లిస్తున్నట్టు. మరుసటి ఏడాది ఉక్కు ధర 55,000కు దిగితే, అమ్మకం ధర తగ్గింది 21 శాతమే, లాభం మాత్రం 20,000 నుంచి 5,000కు, అంటే నాలుగో వంతుకు వస్తుంది. షేరు ధర ఒక్క పైసా కదలకపోయినా పీఈ 4 నుంచి 16కు చేరుతుంది. ఉక్కు 50,000కు దిగితే లాభమే ఉండదు, పీఈ లెక్కకే అందదు.

కంపెనీ చేతిలో లేని కారణాలెన్నో ఆ రెండు ఏళ్లలో కలిసివచ్చాయి, ఆ వెంటనే ఎదురుతిరిగాయి. కోవిడ్ తరవాత ప్రపంచమంతా ఒక్కసారి కొనుగోళ్లకు దిగడంతో ఉక్కు ధర కొండెక్కింది. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలై కోకింగ్ బొగ్గు ధర ఎగబాకింది. మే నెలలో కేంద్ర ప్రభుత్వం ఉక్కు ఎగుమతులపై 15 శాతం సుంకం వేసి, నవంబరులో ఎత్తేసింది. షేర్ మార్కెట్‌కు ఎక్కని విశాఖ ఉక్కు కూడా ఈ గాలికి అతీతం కాదు. 2021-22లో లాభం చూపిన ఆ ప్లాంటు మరుసటి ఏడాదే పెద్ద నష్టంలోకి వెళ్లింది.

కాబట్టి 2022 మార్చిలో పీఈ 4 కనిపించడానికి కారణం మార్కెట్ కళ్లు మూసుకోవడం కాదు. ఆ 332 రూపాయల సంపాదన నిలవదని మార్కెట్ అనుకుంటోంది. పీఈలో పై అంకె షేరు ధర, అది రేపటిని చూస్తుంది. కింది అంకె లాభం, అది గడిచిన పన్నెండు నెలల సంగతి. ఉక్కు, సిమెంటు, చక్కెర, నౌకా రవాణా వంటి ఎత్తుపల్లాల వ్యాపారాల్లో ఈ రెండింటి మధ్య దూరం చాలా ఎక్కువ. అందుకే వీటిలో లాభం శిఖరం మీద ఉన్నప్పుడు పీఈ అతి తక్కువగా, లాభం అడుగంటినప్పుడు అతి ఎక్కువగా కనిపిస్తుంది. ఫిడెలిటీ మెజెలాన్ ఫండ్ నడిపిన పీటర్ లించ్ 1989లో వచ్చిన తన పుస్తకంలో సైక్లికల్ షేర్ల విషయంలో హెచ్చరించింది ఇదే: తక్కువ పీఈ వీటిలో తరచుగా మంచి రోజులు ముగియబోతున్నాయనే సూచన.

సబ్బుల కంపెనీకి అంత ధర ఎందుకు?

ఇక రెండో వైపు. హిందుస్థాన్ యూనిలీవర్ ఏకీకృత లాభం 2021-22లో 8,892 కోట్లు, మరుసటి ఏడాది 10,143 కోట్లు, ఆ తరవాతి ఏడాది 10,282 కోట్లు. పామాయిల్ ధర పెరిగినా తగ్గినా జనం స్నానం చేయడం మానరు. సంపాదన నిలకడగా ఉంటుందన్న నమ్మకానికి మార్కెట్ కొంత ఎక్కువ ఇస్తుంది. కానీ నిలకడ ఒక్కటే 54ను వివరించదు. అంతకన్నా లోతైన కారణం, వచ్చిన లాభంలో ఎంత భాగం వాటాదారు చేతికి అందుతుందన్నది.

2021-22కి హిందుస్థాన్ యూనిలీవర్ షేరుకు 34 రూపాయలు డివిడెండ్ ఇచ్చింది, 38 రూపాయల లోపు సంపాదనలోంచి. టాటా స్టీల్ 332 సంపాదించి 51 ఇచ్చింది. ఇందులో ఉక్కు కంపెనీ పిసినారితనం ఏమీ లేదు. దానికి అప్పట్లో తీర్చాల్సిన అప్పులుండేవి, ఒడిశాలోని కళింగనగర్ ప్లాంటు విస్తరణ పని ఉండేది. ఉత్పత్తి పెంచాలంటే కొత్త కొలిమి కట్టాలి, కొలిమి అంటే వేల కోట్లు. సబ్బుల కంపెనీ అమ్మకాలు పది శాతం పెంచుకోవడానికి పెట్టాల్సిన పెట్టుబడి దాంతో పోలిస్తే చాలా తక్కువ.

ఈ తేడా పీఈని ఎంత మార్చగలదో చిన్న లెక్కతో చూడొచ్చు. రెండు కంపెనీలు ఉన్నాయనుకుందాం. రెండూ ఈ ఏడాది 100 కోట్ల లాభం తెస్తాయి. రెండింటి లాభమూ ఏటా 10 శాతం పెరుగుతుంది. మదుపరి రెండింటి నుంచీ 14 శాతం రాబడి ఆశిస్తున్నాడు. మొదటి కంపెనీ కొత్తగా పెట్టే ప్రతి 100 రూపాయల మీద ఏటా 50 సంపాదిస్తుంది. లాభం పది కోట్లు పెరగడానికి అది 20 కోట్లు తిరిగి వ్యాపారంలో పెడితే చాలు, 80 కోట్లు వాటాదారులకు మిగులుతాయి. రెండో కంపెనీ ప్రతి 100 మీద 12.50 రూపాయలే సంపాదిస్తుంది. అదే పది కోట్ల పెరుగుదలకు అది 80 కోట్లు పెట్టాలి, వాటాదారులకు మిగిలేది 20 కోట్లు.

ఏటా 10 శాతం పెరిగే సొమ్ము మీద 14 శాతం రాబడి రావాలంటే, వచ్చే ఏడాది చేతికొచ్చే సొమ్ము మనం పెట్టిన ధరలో 4 శాతం ఉండాలి. మిగతా 10 శాతం పెరుగుదల నుంచి వస్తుంది. 80 కోట్లు 4 శాతం కావాలంటే మొదటి కంపెనీ విలువ 2,000 కోట్లు. 20 కోట్లు 4 శాతం కావాలంటే రెండోదాని విలువ 500 కోట్లు. లాభం ఒకటే, పెరుగుదల ఒకటే, కోరే రాబడి ఒకటే. పీఈ మాత్రం ఒకదానికి 20, ఇంకొకదానికి 5. ఈ రెండు ధరల్లో ఏదీ చౌక కాదు, ఏదీ ఖరీదు కాదు. రెండూ సరైన ధరలే. పీఈ 5ను చూసి బేరం దొరికిందని రెండో కంపెనీని ఎంచుకున్న మదుపరికి మొదటిదాని కన్నా ఒక్క పైసా ఎక్కువ రాదు.

వేరు వేరు రంగాల పీఈలను పక్కపక్కన పెట్టి పోల్చడంలోని అసలు తప్పు ఇక్కడ తెలుస్తుంది. ఆ అంకెలో పెట్టుబడి అవసరం, పెరుగుదల, రిస్కు మూడూ కలగలిసి ఉన్నాయి. ఒకే రంగంలోని రెండు కంపెనీలకు ఈ మూడూ కాస్త అటూ ఇటూగా ఒకేలా ఉంటాయి కనుక, పీఈలో కనిపించే తేడా ధరలోని తేడా అయ్యే అవకాశం ఉంది. ఉక్కుకీ సబ్బుకీ మధ్య తేడా చాలామటుకు వ్యాపార స్వభావంలోని తేడా.

అప్పు చేసే కనికట్టు

రంగాల మధ్య పోలికను చెడగొట్టే ఇంకో సంగతి అప్పు. కట్టడానికి, తవ్వడానికి, విద్యుత్తు తీయడానికి భారీ పెట్టుబడి కావాల్సిన రంగాల్లో అప్పు ఎక్కువ. సాఫ్ట్‌వేర్ కంపెనీలకు దాదాపు ఉండదు, పైగా బ్యాంకులో డబ్బు మూలుగుతుంటుంది.

ఏటా 100 కోట్లు తెచ్చే ఒక వ్యాపారం మొత్తం విలువ 800 కోట్లు, అప్పు లేదు అనుకుంటే పీఈ 8. అదే వ్యాపారాన్ని సగం అప్పుతో నడిపితే? 400 కోట్ల అప్పు మీద 8 శాతం వడ్డీ 32 కోట్లు. పన్ను సంగతి పక్కన పెడితే లాభం 68 కోట్లు. వాటాదారుల భాగం విలువ 400 కోట్లు. పీఈ ఇప్పుడు 6 కన్నా తక్కువ. వ్యాపారం మారలేదు, యంత్రాలు మారలేదు. రిస్కు పెరిగింది, అంకె మాత్రం ‘ఇంకా చౌక’ అంటోంది. అప్పు భారీగా ఉండే రంగాలను విశ్లేషకులు పీఈతో కాక, అప్పును కూడా ధరలో కలిపి, వడ్డీ, పన్ను, తరుగుదల తీయకముందు లాభంతో భాగించి చూడటానికి కారణం ఇదే. బ్యాంకులకు ఆ లెక్క కూడా కుదరదు. వాటికి అప్పే ముడిసరుకు. పైగా వాటి లాభం మొండి బాకీలకు ఎంత కేటాయించారన్న దాని మీద ఆధారపడుతుంది. ఒక త్రైమాసికంలో కేటాయింపు తగ్గిస్తే లాభం ఉబ్బుతుంది, పీఈ పడిపోతుంది. అందుకే బ్యాంకుల విషయంలో షేరు ధరను పుస్తక విలువతో పోల్చి చూడటం ఎక్కువ.

ఒకే కంపెనీలోనూ ఉచ్చు ఉంది

వేరే రంగంతో పోల్చకుండా, ఒక కంపెనీని దాని పాత పీఈతోనే పోల్చుకుంటే క్షేమం కదా అనిపించవచ్చు. అది మెరుగైన అలవాటే. కానీ కింది అంకె ఏమిటో చూడకపోతే అక్కడా దెబ్బ తగులుతుంది. హైదరాబాద్ కేంద్రంగా ఉన్న దివీస్ లేబొరేటరీస్ ఇందుకు మంచి ఉదాహరణ.

2021-22లో దివీస్ లాభం 2,960 కోట్లు, అంటే షేరుకు దాదాపు 111 రూపాయలు. 2022 మార్చి చివర షేరు 4,400 దగ్గర ఉంది. పీఈ సుమారు 40. మరుసటి ఏడాది లాభం 1,823 కోట్లకు, షేరుకు 69 రూపాయల లోపుకు తగ్గింది. 2023 మార్చి చివర షేరు 2,820 దగ్గర ఉంది. మళ్లీ భాగించి చూడండి: పీఈ 41. పీఈని మాత్రమే గమనిస్తూ కూర్చున్న మదుపరికి ఏమీ జరగనట్టే ఉంటుంది, అతని డబ్బులో మూడో వంతుకు పైగా ఆవిరైంది.

జరిగిందేమిటంటే, మొదటి ఏడాది లాభంలో కోవిడ్ చికిత్సకు వాడిన మోల్నుపిరావిర్ అనే మందుకు అవసరమైన సరుకు సరఫరా చేసిన ఆదాయం పెద్ద మొత్తంలో కలిసి ఉంది. కోవిడ్ ఉధృతి తగ్గగానే అది పోయింది. 40 అనే పీఈ మొదటి ఏడాది అసలు వ్యాపారానికి లెక్కిస్తే చాలా ఎక్కువే. మళ్లీ రాని ఆదాయం కింది అంకెను పెంచి, ఆ సంగతిని కప్పిపుచ్చింది. భూమి అమ్మిన లాభం, అనుబంధ సంస్థను వదిలించుకున్న లాభం, పాత పన్ను తిరిగి రావడం, ఇవన్నీ ఇలాగే పనిచేస్తాయి. లాభనష్టాల పట్టికలో ‘అసాధారణ అంశాలు’ అనే వరుసను, ‘ఇతర ఆదాయం’ అనే వరుసను చూస్తే కొన్ని దొరికిపోతాయి. దివీస్ వంటి కేసుల్లో ఆ వరుసల్లో ఏమీ కనిపించదు, ఎందుకంటే అది మామూలు అమ్మకమే. త్రైమాసిక ఫలితాల తరవాత యాజమాన్యం విశ్లేషకులతో మాట్లాడిన మాటలు చదివితేనే తెలుస్తుంది.

ఏ లాభంతో భాగిస్తున్నారన్నదీ ముఖ్యమే. నిఫ్టీ సూచీ పీఈని ఎన్ఎస్ఈ చాలా ఏళ్లు కంపెనీల సొంత లాభంతోనే లెక్కించేది, అనుబంధ సంస్థలను కలిపేది కాదు. 2021 మార్చి చివర ఏకీకృత లాభానికి మారింది. ఒక్క రోజులో నిఫ్టీ పీఈ 40 దగ్గర నుంచి 33 దగ్గరకు పడింది. మార్కెట్ పడలేదు, లెక్క మారింది. ఇరవయ్యేళ్ల నిఫ్టీ పీఈ గీతను చూపి ‘మార్కెట్ చౌకైంది’ అనేవారు ఆ తేదీకి ముందు అంకెనూ తరవాతి అంకెనూ ఒకే కొలతగా చూస్తే పొరబడినట్టే.

సగటు లాభంతో చూస్తే

లాభం ఏటికేడు ఊగిసలాడే కంపెనీలకు పాత మందు ఒకటుంది. 1934లో డేవిడ్ డాడ్‌తో కలిసి రాసిన గ్రంథంలో బెంజమిన్ గ్రాహం ఒక ఏడాది లాభాన్ని నమ్ముకోవద్దని, అనేక ఏళ్ల సగటు తీసుకోమని చెప్పాడు. ఆ ఆలోచననే తరవాత రాబర్ట్ షిల్లర్ పదేళ్ల సగటు లాభంతో మొత్తం మార్కెట్‌కు వర్తింపజేశాడు.

టాటా స్టీల్‌కు వర్తింపజేసి చూద్దాం. 2019-20లో లాభం 1,172 కోట్లు. ఆ తరవాత వరసగా 8,190, 41,749, 8,075. 2023-24లో బ్రిటన్‌లోని పోర్ట్ టాల్బట్ ప్లాంటు మార్పులకు పెట్టిన కేటాయింపుల వల్ల 4,910 కోట్ల నష్టం. ఈ ఐదేళ్ల సగటు ఏడాదికి సుమారు 10,850 కోట్లు. 2022 మార్చిలో కంపెనీ మార్కెట్ విలువ దాదాపు 1.6 లక్షల కోట్లు. సగటు లాభంతో భాగిస్తే పీఈ 15 దాకా వస్తుంది. నాలుగు ఎక్కడ, పదిహేను ఎక్కడ!

అయితే ఈ లెక్కలో చివరి రెండేళ్లు ఆనాటి మదుపరికి తెలియవు. అప్పటికి గడిచిన మూడేళ్ల సగటు తీసుకున్నా పీఈ 9 దాటుతుంది. సగటు జోస్యం చెప్పదు, అసాధారణమైన ఒక్క ఏడాది మన కళ్లు కప్పకుండా చూస్తుంది, అంతే. కంపెనీ వ్యాపారమే మారిపోయిన చోట పాత సగటు పనికిరాదు కూడా.

అలాగని 2022 మార్చి కథ నుంచి ‘ఎక్కువ పీఈ షేర్లే మంచివి’ అనే పాఠం తీసుకుంటే మళ్లీ గోతిలో పడతాం. ఇంకో ఏడాది ముందుకు వెళ్లండి. 2024 మార్చి చివర టాటా స్టీల్ షేరు 156 రూపాయల దగ్గర ఉంది. అప్పటికి గడిచిన పన్నెండు నెలల లెక్క నష్టంలో ఉంది కనుక పీఈ అనేదే లేదు. అయినా రెండేళ్ల కిందటి 130తో పోలిస్తే డివిడెండ్లు కాక 20 శాతం దాకా పెరిగింది. హిందుస్థాన్ యూనిలీవర్ 2,260 దగ్గర ఉంది, అదే రెండేళ్లలో పది శాతం చిల్లర పెరుగుదల. ఏడాది చివర సబ్బు గెలిచింది, రెండేళ్ల చివర ఉక్కు గెలిచింది. 4కీ 54కీ మధ్య ఉన్న అంతరం ఈ రెండు ఫలితాల్లో దేన్నీ ముందుగా చెప్పలేదు.

తక్కువ పీఈ కనిపించినప్పుడు చూడాల్సినవి కొన్ని ఉన్నాయి, అవీ ఒక వరుసలో. మొదట, ఈ లాభం గత ఐదారేళ్ల లాభాలతో పోలిస్తే ఎక్కడుంది? శిఖరం మీద ఉంటే సగటుతో మళ్లీ భాగించాలి. రెండు, ఇందులో మళ్లీ రాని సొమ్ము ఎంత? తీసేసి భాగించాలి. మూడు, అప్పు ఎంత? నాలుగు, లాభంలో ఎంత భాగం వ్యాపారంలోకే తిరిగి పోతోంది? ఇవన్నీ అయ్యాక అదే సరుకు అమ్మే, అదే రకం పెట్టుబడి కావాల్సిన కంపెనీ పీఈతో పోల్చాలి. టాటా స్టీల్‌ను జేఎస్‌డబ్ల్యూ స్టీల్‌తో, హిందుస్థాన్ యూనిలీవర్‌ను డాబర్‌తో. అప్పటికీ తేడా మిగిలితే, అది ధరలోని తేడా కావచ్చు. అక్కడి నుంచి ఆ కంపెనీ వార్షిక నివేదిక తెరవడం మొదలుపెట్టవచ్చు.